రేషియో, కంపారిజన్, ఇంటిగ్రల్ టెస్టుల వర్క్‌షీట్: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ రియల్ అనాలిసిస్ పేపర్‌లోనూ ఇంజనీరింగ్ మొదటి ఏడాది లెక్కల్లోనూ "ఈ శ్రేణి అభిసరిస్తుందా, అపసరిస్తుందా?" అనే ప్రశ్న వస్తుంది. ఏ టెస్టు వాడాలో తేల్చుకోవడం అందులో సగం పని. ఆ టెస్టు ఇక్కడ ఎందుకు చెల్లుతుందో రాసి చూపించడం మిగతా సగం. ఈ పేజీలోని జవాబులన్నీ కింది పది లెక్కల చుట్టూ తిరుగుతాయి. వేరే చోటు చెప్పకపోతే n విలువ 1 నుంచి మొదలవుతుంది. ముందు మీరే ప్రయత్నించి, తర్వాత చదవండి.

1. Σ n/(2n+1)
2. Σ 2ⁿ·n!/nⁿ
3. Σ (2n+1)/(n³−n), n = 2 నుంచి
4. Σ 1/(√n+3)
5. Σ (ln n)/n²
6. Σ 1/(n·ln n), n = 2 నుంచి
7. Σ [1·3·5···(2n−1)]/[2·4·6···(2n)]
8. Σ n·e^(−n²)
9. Σ (sin n)/n²
10. Σ 1/n^(1+1/n)

లెక్క చూడగానే మొట్టమొదట ఏం చేయాలి?

సాధారణ పదం a_n సున్నాకి వెళుతోందో లేదో చూడాలి. మొదటి లెక్కలో n/(2n+1) అవధి 1/2. పదాలు సున్నాకి చేరడం లేదు కాబట్టి శ్రేణి అపసరిస్తుంది. ఒక్క వాక్యంతో లెక్క ముగిసింది, ఇంకే టెస్టూ అక్కర్లేదు. అదే లెక్కకి రేషియో టెస్ట్ వాడితే 1 వస్తుంది, ఏమీ తేలదు.

ఇది ఒకవైపే పనిచేస్తుంది. పదం సున్నాకి వెళ్ళకపోతే అపసరణ ఖాయం. సున్నాకి వెళితే మాత్రం ఇంకా ఏమీ తెలియనట్టే. 1/n సున్నాకి వెళుతుంది, అయినా Σ 1/n అపసరిస్తుంది. "a_n → 0 కాబట్టి అభిసరిస్తుంది" అని రాసిన జవాబులో ఆ తర్వాత ఎంత మంచి లెక్క ఉన్నా వాదన అక్కడే కూలిపోయింది.

మూడు టెస్టుల్లో ఏది వాడాలో పదం ఆకారం చూసి చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు. పదంలో n!, 2ⁿ, nⁿ లాంటివి ఉంటే పక్కపక్క పదాలను భాగించినప్పుడు చాలా భాగం కొట్టుకుపోతుంది. అక్కడ రేషియో టెస్ట్. లవంలోనూ హారంలోనూ n ఘాతాలూ వర్గమూలాలే ఉంటే కంపారిజన్ టెస్ట్: లవంలో పెద్ద ఘాతం, హారంలో పెద్ద ఘాతం తీసుకుని, మిగిలేదాన్ని 1/n^p రూపంలోకి తెచ్చి దానితో పోల్చాలి. Σ 1/n^p అనేది p > 1 అయితే అభిసరిస్తుంది, p ≤ 1 అయితే అపసరిస్తుంది. 1/n పక్కన ln n చేరి, ఏ p తో పోల్చినా తేలకపోతే ఇంటిగ్రల్ టెస్ట్.

ln కనబడగానే ఇంటిగ్రల్ టెస్టుకి పరుగెత్తడం మాత్రం మంచి అలవాటు కాదు. 5వ లెక్కలో ln ఉంది, కానీ కంపారిజన్‌తో రెండు వరుసల్లో తేలుతుంది. 6వ లెక్కలో ఆ దారి మూసుకుపోతుంది. ఆ తేడా ఎక్కడుందో కిందికి వెళ్ళాక చూద్దాం.

రేషియో టెస్ట్‌లో ఎక్కువగా తప్పేది ఎక్కడ?

భాగహారం దగ్గర కాదు, ఆ తర్వాత అవధి తీసే దగ్గర. 2వ లెక్క చేద్దాం. a_n = 2ⁿ·n!/nⁿ. అన్ని పదాలూ ధనాత్మకం.

a_(n+1)/a_n = [2^(n+1)·(n+1)!/(n+1)^(n+1)] × [nⁿ/(2ⁿ·n!)]

2 ఘాతాలు కొట్టేస్తే 2 మిగులుతుంది. ఫ్యాక్టోరియల్స్ కొట్టేస్తే n+1 మిగులుతుంది. హారంలోని (n+1)^(n+1) లో ఒక n+1 దీనితో పోతుంది. చివరికి

a_(n+1)/a_n = 2·(n/(n+1))ⁿ

ఇక్కడే చాలామంది "n/(n+1) → 1, కాబట్టి దాని n వ ఘాతం కూడా 1" అని రాసేస్తారు. అలా చేస్తే నిష్పత్తి 2 వస్తుంది, శ్రేణి అపసరిస్తుందని తేలుతుంది. అది తప్పు. ఆధారం 1 వైపు వెళుతుంటే, అదే సమయంలో ఘాతం అనంతం వైపు వెళుతోంది. ఒకదాని అవధి ముందు తీసేసి రెండోదాన్ని తర్వాత చూడకూడదు. n/(n+1) ని 1/(1+1/n) గా రాస్తే, (n/(n+1))ⁿ = 1/(1+1/n)ⁿ, దాని అవధి 1/e. కాబట్టి నిష్పత్తి అవధి L = 2/e, సుమారు 0.736. L < 1, శ్రేణి అభిసరిస్తుంది.

ఇదే లెక్కలో 2 బదులు 3 పెట్టి చూడండి. L = 3/e, సుమారు 1.104, అపసరిస్తుంది. అక్కడ పై తప్పు చేసినవారికి L = 3 వస్తుంది, ముగింపు సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే చివరి మాట ఒక్కటే చూసి దిద్దుకోకండి, అవధి విలువ కూడా సరిచూసుకోండి.

నిష్పత్తి ప్రతిసారీ 1 కన్నా తక్కువే వస్తోంది. అభిసరిస్తుందని రాయొచ్చా?

రాయకూడదు. Σ 1/n కి నిష్పత్తి n/(n+1). ఇది ఏ n కి చూసినా 1 కన్నా తక్కువే, అయినా శ్రేణి అపసరిస్తుంది. రేషియో టెస్ట్ అడిగేది నిష్పత్తి అవధి 1 కన్నా తక్కువగా ఉండాలని. అలా ఉంటే, ఉదాహరణకు అవధి 0.736 అయితే, ఒక చోటు దాటాక ప్రతి నిష్పత్తీ 0.8 కన్నా తక్కువే ఉంటుంది. అప్పుడు పదాలు 0.8 నిష్పత్తి ఉన్న గుణశ్రేఢి కన్నా వేగంగా తగ్గుతాయి, ఆ గుణశ్రేఢి మొత్తం పరిమితం. టెస్టు లోపల జరిగేది గుణశ్రేఢితో పోలికే. నిష్పత్తి 1 ని కింది నుంచి సమీపిస్తూ పోతే మధ్యలో 0.8 లాంటి అడ్డుగీత ఏదీ నిలవదు, కాబట్టి పోల్చడానికి గుణశ్రేఢి దొరకదు.

L = 1 వస్తే జవాబులో ఏం రాయాలి?

"రేషియో టెస్ట్‌తో ఏమీ తేలదు" అని రాసి, వేరే టెస్టుకి వెళ్ళాలి. Σ 1/n కీ 1 వస్తుంది, Σ 1/n² కీ 1 వస్తుంది. మొదటిది అపసరిస్తుంది, రెండోది అభిసరిస్తుంది. లవం, హారం రెండూ n లో బహుపదులైతే నిష్పత్తి అవధి ఎప్పుడూ 1 అవుతుంది. అందుకే 3వ లెక్క లాంటివాటికి రేషియో టెస్ట్ మొదలుపెట్టడమే వృథా.

ఫ్యాక్టోరియల్ లాంటి రూపం ఉన్నా 1 వచ్చే లెక్కలు ఉంటాయి. 7వ లెక్క అలాంటిది. నిష్పత్తి (2n+1)/(2n+2), అవధి 1. ఇక్కడ పదాన్ని వేరేలా జతకట్టి రాస్తే కంపారిజన్ దొరుకుతుంది:

a_n = (3/2)·(5/4)···((2n−1)/(2n−2))·(1/(2n))

లవంలోని 3 ని హారంలోని 2 తో, 5 ని 4 తో జత చేశాం, చివరి 2n ఒంటరిగా మిగిలింది. చివరిది తప్ప ప్రతి గుణకమూ 1 కన్నా పెద్దది. కాబట్టి a_n ≥ 1/(2n). Σ 1/(2n) అపసరిస్తుంది, కాబట్టి మన శ్రేణి కూడా అపసరిస్తుంది. సిలబస్‌లో రాబే టెస్ట్ ఉన్నవాళ్ళు దానితో కూడా చేయొచ్చు. కానీ ఈ జత కట్టే పద్ధతికి కొత్త సిద్ధాంతం ఏదీ అక్కర్లేదు.

కంపారిజన్ టెస్ట్‌లో అసమానత ఏ దిశలో ఉండాలి?

అభిసరణ చూపాలంటే మన పదం, అభిసరించే శ్రేణి పదం కన్నా చిన్నదిగా ఉండాలి. అపసరణ చూపాలంటే మన పదం, అపసరించే శ్రేణి పదం కన్నా పెద్దదిగా ఉండాలి. మిగిలిన రెండు కలయికలూ ఏమీ చెప్పవు.

4వ లెక్క సరిగ్గా ఆ ఉచ్చు. 1/(√n+3) చూడగానే 1/√n గుర్తొస్తుంది, Σ 1/√n లో p = 1/2 కాబట్టి అపసరిస్తుంది. కానీ √n+3 > √n కాబట్టి 1/(√n+3) < 1/√n. అపసరించే దానికన్నా చిన్నదని తేలింది. అపసరించే దానికన్నా చిన్నది ఎలాగైనా ఉండొచ్చు. ముగింపు సరైనదే అయినా ఈ వాదన చెల్లదు.

సరిచేయడం తేలిక. n ≥ 1 అయితే √n ≥ 1, కాబట్టి 3 ≤ 3√n, అంటే √n+3 ≤ 4√n. అందువల్ల 1/(√n+3) ≥ 1/(4√n). ఇప్పుడు దిశ కుదిరింది, శ్రేణి అపసరిస్తుంది. హారాన్ని కావాలని పెద్దది చేసి పదాన్ని చిన్నది చేసుకునే ఈ ఎత్తు చాలా లెక్కల్లో పనికొస్తుంది. ముందున్న 1/4 లాంటి స్థిరాంకం వల్ల అభిసరణ, అపసరణ మారవు.

లిమిట్ కంపారిజన్ ఎప్పుడు తేలిక? అవధి సున్నా వస్తే?

అసమానత దిశ కుదర్చడానికి తంటాలు పడాల్సి వచ్చినప్పుడు లిమిట్ కంపారిజన్ వాడండి. a_n/b_n అవధి పరిమితమైన ధన సంఖ్య అయితే రెండు శ్రేణులదీ ఒకే గతి. దీన్ని 3వ లెక్కకి కింద పూర్తిగా రాశాం.

అవధి 0 వస్తే a_n, b_n కన్నా బాగా చిన్నదని అర్థం. అప్పుడు Σ b_n అభిసరిస్తేనే ముగింపు వస్తుంది. అవధి ∞ వస్తే Σ b_n అపసరిస్తేనే ముగింపు వస్తుంది. 5వ లెక్కలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. (ln n)/n² ని 1/n² తో భాగిస్తే ln n → ∞. Σ 1/n² అభిసరిస్తుంది కాబట్టి ఏమీ తేలలేదు. 1/n తో భాగిస్తే (ln n)/n → 0. Σ 1/n అపసరిస్తుంది కాబట్టి మళ్ళీ ఏమీ తేలలేదు. రెంటికీ మధ్యలో ఉన్న 1/n^(3/2) తీసుకోండి. భాగఫలం (ln n)/√n → 0, Σ 1/n^(3/2) అభిసరిస్తుంది. కాబట్టి Σ (ln n)/n² అభిసరిస్తుంది.

అసమానతతోనే చేయాలంటే, (ln x)/√x గరిష్ఠ విలువ x = e² దగ్గర 2/e, అంటే సుమారు 0.74. కాబట్టి ప్రతి n కీ ln n < √n, అంటే (ln n)/n² < 1/n^(3/2).

6వ లెక్కకి కంపారిజన్ ఎందుకు పనిచేయదు?

1/(n·ln n) అనేది n ≥ 3 నుంచి 1/n కన్నా చిన్నది. p > 1 అయిన ఏ 1/n^p తీసుకున్నా, అది 1.01 అయినా సరే, ఒక చోటు దాటాక మన పదం దానికన్నా పెద్దది. అంటే అపసరించే వాటన్నిటి కన్నా చిన్నది, అభిసరించే వాటన్నిటి కన్నా పెద్దది. p-శ్రేణుల్లో దీనికి సరైన జోడీ లేదు. 5వ లెక్కలో 1/n కీ 1/n² కీ మధ్య ఎంతో చోటు ఉండబట్టే 3/2 దొరికింది. ఇక్కడ ఆ చోటు లేదు, కాబట్టి ఇంటిగ్రల్ టెస్ట్.

f(x) = 1/(x·ln x) అనుకుందాం, x ≥ 2. ఇక్కడ x, ln x రెండూ ధనాత్మకం, అవిచ్ఛిన్నం, రెండూ పెరుగుతాయి. కాబట్టి వాటి లబ్ధం పెరుగుతుంది, f తగ్గుతుంది. u = ln x పెడితే

∫ (2 నుంచి T వరకు) dx/(x·ln x) = ln(ln T) − ln(ln 2)

T → ∞ అయితే ఇది అనంతానికి వెళుతుంది. కాబట్టి శ్రేణి అపసరిస్తుంది.

ఈ అపసరణ ఎంత నెమ్మదిగా ఉంటుందో గమనించండి. 10⁶ నుంచి 10¹² వరకు సమాకలనం విలువ ln(12/6) = ln 2, సుమారు 0.69 మాత్రమే. పది లక్షల నుంచి లక్ష కోట్ల వరకు పదాలన్నీ కూడినా మొత్తం ఒకటి కూడా పెరగదు. క్యాలిక్యులేటర్‌లో పాక్షిక మొత్తాలు కూడి "స్థిరపడింది, కాబట్టి అభిసరిస్తుంది" అని రాస్తే ఇలాంటి చోటే మోసపోతాం.

హారంలో (ln n)² ఉంటే? అదే ప్రతిక్షేపంతో సమాకలనం 1/(ln 2) దగ్గర ఆగుతుంది, శ్రేణి అభిసరిస్తుంది. పరీక్షల్లో ఈ రెండింటినీ పక్కపక్కనే ఇస్తుంటారు.

ఇంటిగ్రల్ టెస్టుకి f తగ్గుతోందని నిజంగా చూపించాలా?

చూపించాలి. ధనాత్మకం, అవిచ్ఛిన్నం, తగ్గుతూ పోవడం, ఈ మూడూ టెస్టులోని షరతులే. f తగ్గుతున్నప్పుడే f(n+1) ≤ ∫ (n నుంచి n+1 వరకు) f ≤ f(n) అని రాయగలం, వాదనంతా దాని మీదే నిలబడింది. అది లేకపోతే ఏమవుతుందో sin²(πx) తో తెలుస్తుంది. ప్రతి పూర్ణాంకం దగ్గరా దాని విలువ 0, కాబట్టి శ్రేణి మొత్తం 0. కానీ పూర్ణాంకాల మధ్య అది పైకి లేస్తుంది కాబట్టి సమాకలనం అనంతం.

8వ లెక్కలో f(x) = x·e^(−x²). x పెరుగుతోంది, e^(−x²) తగ్గుతోంది, కాబట్టి చూడగానే చెప్పలేం. అవకలజం తీస్తే f′(x) = e^(−x²)(1−2x²), x ≥ 1 అయితే ఇది ఋణాత్మకం. ఆ ఒక్క వరుస రాస్తే షరతు తీరింది. 1 నుంచి ∞ వరకు సమాకలనం 1/(2e), శ్రేణి అభిసరిస్తుంది. ఇదే లెక్కకి రేషియో టెస్ట్ కూడా చక్కగా పనిచేస్తుంది: ((n+1)/n)·e^(−(2n+1)) → 0. రెండూ సరైనవే. మా సలహా రేషియో టెస్ట్, ఎందుకంటే అక్కడ తగ్గుదల నిరూపించే పని ఉండదు.

మొదటి పదం నుంచే తగ్గనక్కర్లేదు. (ln x)/x అనేది x > e అయ్యాకే తగ్గుతుంది. అప్పుడు n = 3 నుంచి టెస్టు పెట్టి, "మొదటి రెండు పదాలు అభిసరణను మార్చవు" అని రాస్తే చాలు.

సమాకలనం విలువే శ్రేణి మొత్తమా?

కాదు. 1/x² సమాకలనం 1 నుంచి ∞ వరకు 1. కానీ Σ 1/n² మొత్తం π²/6, సుమారు 1.6449. టెస్టు చెప్పేది రెండింటి గతీ ఒకటేనని మాత్రమే.

అయితే మిగిలిన భాగం ఎంతో అంచనా వేయడానికి సమాకలనం బాగా పనికొస్తుంది. Σ 1/n² లో మొదటి పది పదాల మొత్తం సుమారు 1.5498. ఆ తర్వాతి పదాల మొత్తం 11 నుంచి తీసుకున్న సమాకలనం కన్నా ఎక్కువ, 10 నుంచి తీసుకున్న దానికన్నా తక్కువ. అంటే 1/11 కీ 1/10 కీ మధ్య. కాబట్టి పూర్తి మొత్తం 1.6407 కీ 1.6498 కీ మధ్య ఉంటుంది.

ఋణ పదాలు ఉంటే?

కంపారిజన్, ఇంటిగ్రల్ టెస్టులు ధన పదాలకే. కాబట్టి ముందు పరమ విలువల శ్రేణి చూడండి. 9వ లెక్కలో |sin n|/n² ≤ 1/n², కాబట్టి పరమ విలువల శ్రేణి అభిసరిస్తుంది, దానివల్ల అసలు శ్రేణి కూడా అభిసరిస్తుంది. నేరుగా (sin n)/n² ≤ 1/n² అని రాసి ముగిస్తే వాదన చెల్లదు, ఎందుకంటే ఋణ పదాలు కింది వైపు ఎంత దూరం వెళతాయో ఆ అసమానత చెప్పదు.

పూర్తి మార్కులు వచ్చే జవాబు ఎలా ఉంటుంది?

3వ లెక్కకి ఒక నమూనా:

"n ≥ 2 అయితే n³−n = n(n−1)(n+1) > 0, కాబట్టి a_n = (2n+1)/(n³−n) ధనాత్మకం. b_n = 1/n² తీసుకుందాం. a_n/b_n = (2n³+n²)/(n³−n) = (2+1/n)/(1−1/n²) → 2. ఇది పరిమితమైన ధన సంఖ్య. Σ 1/n² అనేది p = 2 > 1 అయిన p-శ్రేణి, కాబట్టి అభిసరిస్తుంది. లిమిట్ కంపారిజన్ టెస్ట్ ప్రకారం Σ a_n అభిసరిస్తుంది."

విద్యార్థులు ఎక్కువగా వదిలేసేవి రెండు: పదాలు ధనాత్మకమనే మాట, Σ b_n గతికి కారణం. మరో పొరపాటు "a_n అభిసరిస్తుంది" అని రాయడం. a_n అనేది అనుక్రమం, మనం తేల్చింది Σ a_n గురించి. 1వ లెక్కలో అనుక్రమం 1/2 కి అభిసరిస్తుంది, శ్రేణి అపసరిస్తుంది. Σ గుర్తు వదిలేస్తే జవాబు అర్థమే తిరగబడుతుంది.

10వ లెక్కలో ఘాతం 1 కన్నా పెద్దదే కదా, అపసరిస్తుందని ఎలా అంటారు?

p-శ్రేణిలో p ఒక స్థిరాంకం. ఇక్కడ ఘాతం 1+1/n, అది n తో పాటు మారుతూ 1 వైపు జారిపోతోంది. కాబట్టి p-శ్రేణి నియమం దీనికి వర్తించదు. n^(1+1/n) = n·n^(1/n) అని విడదీయండి. b_n = 1/n తో పోల్చితే a_n/b_n = 1/n^(1/n). ln(n^(1/n)) = (ln n)/n → 0 కాబట్టి n^(1/n) → 1, భాగఫలం అవధి కూడా 1. Σ 1/n అపసరిస్తుంది కాబట్టి లిమిట్ కంపారిజన్ ప్రకారం ఈ శ్రేణి కూడా అపసరిస్తుంది.